తలుపుకు పాలిష్ ఎన్ని లీటర్లు పడుతుంది?

(పాలిష్ మేస్త్రీలు, సైట్ సూపర్‌వైజర్లు, ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు కలిసి కూర్చున్న ఒక సమావేశంలో ఇచ్చిన ప్రసంగం, ఆ తర్వాతి ప్రశ్నలు, జవాబులతో.)

అందరికీ నమస్కారం. ముందు ఒక తలుపు సంగతి చెప్పి మొదలుపెడతాను.

భీమవరంలో ఒక ఇల్లు. పడమటి వాకిలి. మంచి టేకు గుమ్మం, టేకు తలుపు. ఆ సైట్ చూసేది నేనే. ఇంటాయన షాపుకు వెళ్లి పాలిష్ ఎంత కావాలని అడిగారు. అక్కడ కాగితం మీద లెక్క వేశారు. గుమ్మం నాలుగడుగులు, ఏడడుగులు. నాలుగేళ్లు ఇరవై ఎనిమిది చదరపు అడుగులు. డబ్బా మీద లీటరుకు 120 చదరపు అడుగులు అని ఉంది. నాలుగు కోట్లు వేసినా ఒక్క లీటరు కూడా పట్టదు, పోనీ ఎందుకైనా మంచిదని లీటరున్నర తీసుకెళ్లండి అన్నారు. ఆయన అలాగే తెచ్చారు. నేనూ లెక్క చూపించమని అడగలేదు. అది నా తప్పు.

రెండో కోటు సగంలో ఉండగానే సరుకు అయిపోవచ్చింది. ఆ రోజు శనివారం, సోమవారం గృహప్రవేశం. షాపు మూసేశారు. మేస్త్రి ఉన్నదాంట్లో థిన్నర్ పోసి మిగతాది లాగించేశాడు. గృహప్రవేశం రోజున తలుపు మెరిసింది, అందరూ మెచ్చుకున్నారు కూడా. ఒక వానాకాలం గడిచింది. సంక్రాంతికి వెళ్లి చూస్తే కింది పలక పాలిపోయింది. చేత్తో తడిమితే చెక్క నార లేచి గరుకుగా తగిలింది. ఇంటావిడ తడిగుడ్డతో తుడిచినప్పుడల్లా ఆ చోట నల్లగా మారుతోందన్నారు. నీళ్లు చెక్కలోకి దిగుతున్నాయన్నమాట. మళ్లీ మొత్తం గీకి, రుద్ది, మొదటి నుంచి వేయాల్సి వచ్చింది. పాలిష్ ఖర్చు ఎంతో, గీకే కూలి దానికి మించి అయింది.

అందుకే ఈరోజు అదే తలుపు తీసుకుని, దానికి నిజంగా ఎంత పాలిష్ పడుతుందో మీ ముందు లెక్క వేస్తాను.

తప్పు ఎక్కడ జరిగిందంటే, 28 అనేది గోడలో ఉన్న ఖాళీ కొలత. మనం బ్రష్ పెట్టేది ఖాళీకి కాదు, చెక్కకు. ఆ చెక్క ఎంతుందో కొలుద్దాం.

ముందు గుమ్మం. చెక్క సైజు 5 ఇంచీలు, 3 ఇంచీలు. గోడలోకి పోయిన వైపు మనకు కనపడదు, దానికి పాలిష్ అక్కర్లేదు. బయటి ముఖం మూడు ఇంచీలు, మందం వైపు ఐదు, లోపలి ముఖం మూడు. మొత్తం పదకొండు ఇంచీలు. రెక్క కూర్చోవడానికి కొట్టిన గాడి ఉంది కదా, దాన్ని కలపాలా అని అడుగుతారు. గాడిలో అర ఇంచీ ఒక వైపు పెరిగితే ఇంకో వైపు అర ఇంచీ తగ్గుతుంది, పదకొండు పదకొండుగానే ఉంటుంది. ఇక పొడవు. నిలువు చెక్కలు ఏడేసి అడుగులు, పైన నాలుగు, కింద గడప నాలుగు. మొత్తం 22 అడుగులు. దాన్ని పదకొండు ఇంచీలతో గుణిస్తే 20 చదరపు అడుగులు. ఒక్క గుమ్మానికే ఇరవై! షాపు లెక్కలో దీనికి చోటే లేదు.

ఇప్పుడు రెక్క. గుమ్మం చెక్కలు పోగా రెక్క వెడల్పు మూడున్నర అడుగులు, ఎత్తు ఆరున్నర. ఒక వైపు సుమారు 22.75 చదరపు అడుగులు, రెండు వైపులా కలిపి 45.5. తర్వాత అంచులు. రెక్క మందం ఇంచీన్నర, చుట్టూ ఇరవై అడుగులు, అది రెండున్నర చదరపు అడుగులు. చివరికి పలకల చెక్కడం. ఉబ్బెత్తు పలకలు, వాటి చుట్టూ గాళ్లు, మౌల్డింగులు ఉన్నాయి. టేపును బల్లపరుపుగా పెడితే ఆ ఎత్తుపల్లాలు కొలతలోకి రావు. నేను దారం పట్టి చూశాను. ఒక దారాన్ని ఆ వంపుల్లోకి అదిమి ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకెళ్లి, ఆ తర్వాత సాగదీసి కొలిచాను. ఆ తలుపుకు ఎనిమిదో వంతు దాకా ఎక్కువ వచ్చింది. అంటే ఇంకో ఆరు చదరపు అడుగులు. రెక్క మొత్తం 54.

గుమ్మం ఇరవై, రెక్క యాభై నాలుగు. డెబ్బై నాలుగు చదరపు అడుగులు. ఖాళీ కొలత ఇరవై ఎనిమిది మాత్రమే.

ఇంత కొలవడం ప్రతిసారీ కుదరదంటారా? ఇంజనీర్లు బిల్లులు రాసేటప్పుడు వాడే భారత ప్రమాణం ఒకటి ఉంది, ఐఎస్ 1200, అందులో 15వ భాగం పెయింటింగు, పాలిష్ పనుల కొలతల గురించి. పలకల తలుపైతే గుమ్మంతో కలిపి బయటి కొలత తీసుకుని, ఒక్కో వైపుకు 1.30తో గుణించమంటుంది. మన తలుపుకు వేసి చూడండి. 28ని 1.30తో గుణించి, రెండు వైపులకు రెట్టింపు చేస్తే 72.8 వస్తుంది. మనం ఇంచీ ఇంచీ కొలిస్తే 74 వచ్చింది. ఆ 1.30 ఎవరో ఊరికే పెట్టిన అంకె కాదు. గుమ్మం, అంచులు, పలకల ఎత్తుపల్లాలు అన్నీ అందులోనే ఉన్నాయి. చెక్కడం లేని ఫ్లష్ డోరుకు అదే ప్రమాణం ఒక్కో వైపుకు 1.20 చెబుతుంది. కాబట్టి తలుపుల వరకు ఈ అడ్డదారి నమ్మొచ్చు.

కిటికీ దగ్గర మాత్రం జాగ్రత్త. పూర్తిగా అద్దాలున్న కిటికీకి ఆ ప్రమాణం ఒక్కో వైపుకు 0.80 ఇస్తుంది. అద్దానికి పాలిష్ ఉండదు కదా, అందుకని ఒకటికంటే తక్కువ. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే మూడు రెక్కల కిటికీ తీసుకోండి, నాలుగడుగుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు. పద్దెనిమిది చదరపు అడుగులు. 0.80తో గుణించి రెట్టింపు చేస్తే దాదాపు 29.

అదే కిటికీని టేపు పట్టి కొలిచాను. చట్రం చెక్క 4 ఇంచీలు, రెండున్నర ఇంచీలు. కనపడేవి మూడు వైపులు, తొమ్మిది ఇంచీలు. చుట్టూ పదిహేడు అడుగులు. అది పదమూడు చదరపు అడుగుల దాకా వచ్చింది. మధ్యలో రెండు నిలువు చెక్కలు ఉంటాయి. వాటికి నాలుగు వైపులా పాలిష్ పడాలి, గోడలో దాగేది ఏమీ లేదు. అవి ఇంకో తొమ్మిది. మూడు రెక్కల సన్నపాటి చెక్కలు, ముందు, వెనక, పక్కలు అన్నీ కలిపితే ఇరవై. మొత్తం 41 దాటింది. ప్రమాణం చెప్పిన 29 ఎక్కడ, ఈ 41 ఎక్కడ?

ప్రమాణం తప్పని నేను అనడం లేదు. అది బిల్లు కట్టడానికి పెట్టిన సగటు. పెద్ద అద్దం, సన్న చట్రం ఉన్న కిటికీకి సరిపోతుంది. మన మూడు రెక్కల కిటికీలో అద్దం తక్కువ, చెక్క ఎక్కువ. అందుకని కిటికీలకు చెక్క పొడవు, దాని చుట్టుకొలత విడిగా తీసుకోండి. ఇంట్లో ఒకే రకం కిటికీలు ఉంటాయి కాబట్టి ఒక్కటి కొలిస్తే చాలు. లోపలి వైపు దోమతెర రెక్కలు ఉంటే వాటిని మళ్లీ వేరుగా కలపాలి. అవి కొలత రోజున వడ్రంగి దగ్గరే ఉంటాయి, అందుకే చాలామంది మర్చిపోతారు.

ఇక డబ్బా మీద రాసే అంకె. లీటరుకు ఇన్ని చదరపు అడుగులు అని ఉంటుంది. ఆ అంకె వెనక ఏముందో తెలిస్తే దాన్ని ఎలా వాడాలో మీకే అర్థమవుతుంది. ఒక లీటరు ద్రవాన్ని పది చదరపు మీటర్లు, అంటే సుమారు 107 చదరపు అడుగుల మీద సమానంగా పరిచామనుకోండి. ఆ తడి పొర మందం సరిగ్గా మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. జిరాక్స్ కాగితం ఒకటి వేళ్ల మధ్య పట్టుకుని చూడండి, దాదాపు అంత మందం. ఆ తర్వాత అందులోని థిన్నర్ అంతా గాలిలోకి పోతుంది. సరుకులో గట్టి పదార్థం నూటికి నలభై పాళ్లు ఉంటే, ఆరాక మిగిలేది ఆ కాగితంలో సగానికి కూడా తక్కువ. ఎండకు, వానకు అడ్డంగా నిలబడేది అదొక్కటే.

దీన్నిబట్టి థిన్నర్ సంగతి తేలిపోతుంది. లీటరు సరుకులో 300 మిల్లీలీటర్ల థిన్నర్ కలిపితే డబ్బాలో లీటరుంపావు పైన కనపడుతుంది. అయినా గట్టి పదార్థం ఒక లీటరుదే. బ్రష్ తేలిగ్గా జారుతుంది, 150 చదరపు అడుగులు కూడా వచ్చేస్తుంది, కానీ పొర పలచబడుతుంది. కాబట్టి లెక్కలో థిన్నర్‌ను ఎప్పుడూ కలపకండి. కంపెనీ చెప్పినంత పోయండి, పని సాఫీగా సాగడానికి అది కావాలి. చదరపు అడుగులు మాత్రం డబ్బాలోంచి తీసిన అసలు సరుకుకే లెక్కగట్టండి.

ఇంకో విషయం. ఆ అంకెను నున్నగా ఉన్న, పీల్చుకోని ఉపరితలం మీద చూసి రాస్తారు. పచ్చి చెక్క అలా ఉండదు. మొదటి కోటు సీలర్‌లో కొంత భాగం చెక్క నోట్లోకే పోతుంది. సీలర్ అంటే టాప్ కోట్లకు ముందు, చెక్క రంధ్రాలు మూయడానికి వేసేది. అందుకని నేను నాలుగు కోట్లనూ ఒకే అంకెతో భాగించను. మొదటి కోటు సీలర్‌కు 80, రెండో కోటుకు 110, ఆ పైన టాప్ కోట్లకు 120 చదరపు అడుగులు వేసుకుంటాను. ఇది నేను చూసిన టేకు, బ్రష్ పని, మామూలు పీయూ పాలిష్ లెక్క. వేప చెక్కయినా, వేరే సరుకైనా మీ అంకె వేరే వస్తుంది.

మీ అంకె మీరే కనుక్కోవచ్చు. వడ్రంగి దగ్గర అదే చెక్క ముక్కలు ఉంటాయి. తలుపును రుద్దినట్టే వాటినీ రుద్దండి. పక్కపక్కన పేర్చి నాలుగు చదరపు అడుగులు సుద్దముక్కతో గీత గీయండి. బ్రష్‌ను ముందుగా సీలర్‌లో ముంచి పిండేయండి, లేకపోతే కుచ్చు తాగేసిన సరుకు లెక్కలోకి వచ్చేస్తుంది. మందుల సీసాతో వచ్చే కొలత మూతతో సీలర్ కొలుచుకుంటూ మామూలుగా వేయండి. యాభై మిల్లీలీటర్లు పట్టిందా, లీటరుకు 80. నలభైతో సరిపోయిందా, వంద. అరవై తాగిందా, అరవై ఏడే. పావుగంట పని. ఇల్లంతటి లెక్కా దీని మీదే నిలబడుతుంది కాబట్టి ఈ పావుగంటను వదులుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

మన తలుపుకు తిరిగి వద్దాం. 73 చదరపు అడుగులు అనుకుందాం. మొదటి సీలర్‌కు 73ని 80తో భాగిస్తే లీటరుకు కాస్త తక్కువ, 0.91. రెండో సీలర్ 0.66. రెండూ కలిపి 1.57. టాప్ కోటు ఒక్కోటి 0.61, రెండు కలిపి 1.22. బ్రష్‌లో, గిన్నెలో, కింద చుక్కల్లో పోయేదానికి పదో వంతు కలపండి. సీలర్ 1.7 లీటర్లు, టాప్ కోటు 1.35. రెండూ కలిపి మూడు లీటర్లు. ఆ రోజు తెచ్చింది లీటరున్నర. సగం.

పడమటి వాకిలి, దక్షిణం వాకిలి అయితే బయటి వైపు ఒక్కదానికే మూడో టాప్ కోటు వేయించండి. దానికి పట్టేది మరో 300 మిల్లీలీటర్లే.

ఆ ఇంట్లో మూడు రెక్కల కిటికీలు ఆరు ఉన్నాయి. ఒక్కోటి 41 చొప్పున 246. తలుపుతో కలిపి 319. లోపలి తలుపులు లామినేట్ వేసిన ఫ్లష్ డోర్లు, వాటికి పాలిష్ లేదు. ఇదే పద్ధతిలో చేస్తే మొత్తం ఇంటికి సీలర్ ఏడున్నర లీటర్లు, టాప్ కోటు ఆరు లీటర్లకు కాస్త తక్కువ వస్తుంది. సీలర్ నాలుగు లీటర్ల డబ్బాలు రెండు, టాప్ కోటు నాలుగు లీటర్లది ఒకటి, లీటరువి రెండు. రంగు కోసం స్టెయిన్ వేసేటట్టయితే దాన్ని మాత్రం ఇంటి మొత్తానికీ ఒకేసారి కలిపి పెట్టుకోండి. పాలిష్ తక్కువైతే ఇంకో డబ్బా తెచ్చుకోవచ్చు. స్టెయిన్ తక్కువై మళ్లీ కలిపితే రెండు కిటికీలు ఒక రంగు, నాలుగు కిటికీలు ఒక రంగు అవుతాయి, పైన ఎన్ని కోట్లు వేసినా ఆ తేడా పోదు.

ఇప్పుడు ఇంటివాళ్లు శ్రద్ధగా వినాలి. ఈ లెక్క కొనడానికి ఒక్కదానికే కాదు, పని సరిగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి కూడా. కోటు మొదలుపెట్టే ముందు డబ్బాలో ఒక పుల్ల ముంచి ఎంతవరకు తడిసిందో గీత పెట్టండి. కోటు అయ్యాక మళ్లీ ముంచండి. తలుపుకు టాప్ కోటు 0.6 లీటరు పట్టాలి. 0.55 పట్టిందంటే మంచి పనితనం. 0.35తో అయిపోయిందంటే పొర పలచబడింది, లేదా కొన్ని చోట్ల అసలు పడలేదు. సరుకు మిగిలిందని సంతోషపడొద్దు. ముందు అంచులు చూడండి, తర్వాత గుమ్మం లోపలి వైపు, ఆ తర్వాత పలకల గాళ్లు.

అంచులంటే ముఖ్యంగా రెక్క కింది అంచు, పై అంచు. తలుపు బిగించాక కింది అంచుకు బ్రష్ అందదు, పై అంచు ఎవరికీ కనపడదు. కానీ నిలువు చెక్కల కోత ముఖం అక్కడే తెరుచుకుని ఉంటుంది. నార చివరలు స్ట్రాల్లాగా నీళ్లు పీలుస్తాయి. వానాకాలంలో తలుపు గడపకు పట్టేసి రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. రెండు అంచులూ కలిపి చదరపు అడుగు కూడా లేదు. నాలుగు కోట్లకూ కలిపి 35 మిల్లీలీటర్లు, కోత ముఖం రెట్టింపు తాగుతుంది కాబట్టి 70 అనుకోండి. ఒక చిన్న టీ గ్లాసు సరుకు. తలుపు బిగించక ముందే, బల్ల మీద పడుకోబెట్టి ఉన్నప్పుడే ఆ అంచులకు నాలుగు కోట్లూ వేయించండి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక మేస్త్రి: సార్, మేము గన్‌తో కొడతాం. అప్పుడు ఈ లెక్క సరిపోతుందా?)

సరిపోదయ్యా. పది శాతం కలపమన్నది బ్రష్‌కు. వెడల్పాటి తలుపు మీద గన్ కొట్టినా దాదాపు మూడో వంతు గాలిలో పోవడం నేను చూశాను. కిటికీ చట్రమైతే ఇంకా ఎక్కువ. రెండున్నర ఇంచీల చెక్క మీద ఆరేడు ఇంచీల వెడల్పున స్ప్రే పడుతుంటే సగానికి పైగా పక్కకే పోతుంది. తలుపుకు గన్ పెట్టుకో, నునుపు బాగా వస్తుంది. కిటికీలకు బ్రష్ పట్టడమే మేలు. గన్ వాడినప్పుడు ఒక తలుపు పూర్తిగా కొట్టి, ఎంత ఖర్చయిందో రాసుకో. రెండో తలుపు నుంచి నీ అంకె నీకు తెలిసిపోతుంది.

(ఇంకొకరు: హార్డెనర్ కలిపే పాలిష్ మిగిలిపోయి గడ్డకడుతోంది. ఎలా?)

అక్కడే కోటుకు కోటు వేరుగా లెక్క వేయడం పనికొస్తుంది. నాలుగు కోట్లకు కావలసిందంతా ఒకేసారి కలిపేస్తున్నారు కాబట్టి మిగిలిపోతోంది. మన తలుపుకు ఒక టాప్ కోటు 0.61, వృథాతో కలిపి 670 మిల్లీలీటర్లు. డబ్బా మీద పది భాగాలకు ఒక భాగం హార్డెనర్ అని ఉందనుకోండి. 610 సరుకు, 61 హార్డెనర్. అంతే కలపండి. కొలత జగ్గుతోనే కలపాలి, కంటి అంచనాతో కాదు. హార్డెనర్ తక్కువైతే పొర జిగటగా ఉండిపోతుంది, వేలు పెడితే ముద్ర పడుతుంది. హార్డెనర్ డబ్బాకు మూత గట్టిగా బిగించండి, గాలిలో తేమ తగిలితే అది చెడిపోతుంది.

(ఒక పెద్దాయన: మా ఇంట్లో పాత లక్క పాలిష్ తలుపులు ఉన్నాయి. వాటికీ ఇదే లెక్కా?)

కాదండీ. లక్క పాలిష్ లీటరు స్పిరిట్‌లో సుమారు 150 గ్రాముల లక్క కరిగించి చేస్తారు. గుడ్డలో దూది ఉండ పెట్టి, చాలా పలచటి పొరలు పదే పదే రుద్దుతారు. అక్కడ ఇన్ని కోట్లు అని ఉండదు, మెరుపు వచ్చేదాకా రుద్దడమే. అందుకని లీటర్ల లెక్క కంటే మేస్త్రి అనుభవమే ఎక్కువ పనికొస్తుంది. లోపలి తలుపులకు అది బాగుంటుంది. వాన తగిలే చోట వద్దు, నీళ్లు పడితే తెల్లబడుతుంది. దాని మీద నేరుగా పీయూ వేయకండి, లక్కను పూర్తిగా తీసేసి చెక్క బయటపడ్డాక మొదలుపెట్టండి. అప్పుడది పచ్చి చెక్క లెక్కే, మొదటి కోటుకు 80.

ఈ హాలు గుమ్మం కూడా పలకల తలుపే. మేస్త్రీలు టేపులు తెచ్చుకున్నారు కదా, దారం నా దగ్గరుంది. రండి, దాన్ని కొలుద్దాం. ఎవరికి ఎంత వచ్చిందో కాగితం మీద రాసి పెట్టుకోండి, 1.30తో సరిచూద్దాం.